ముందు కార్డు ఎవరు రాయాలి?

9వ తరగతి విద్యార్థిని

ఈసారి నా సంగతే రాస్తున్నాను. నవ్వకండి.

మా మేనమామ కూతురు, నేను అయిదో తరగతి దాకా ఒకే బడి. నాకంటే ఆర్నెల్లు పెద్దది, వదినా అంటాను. ఆరో తరగతిలో తనకు వేరే గురుకులంలో సీటు వచ్చింది, నాకు ఇక్కడ. రెండు చోట్లా సెల్‌ఫోన్ ఉంచుకోనివ్వరు కదా, అందుకని అర్ధరూపాయి పోస్టుకార్డే మా ఇద్దరికీ దిక్కు.

పోయిన జూన్ నుంచి అక్టోబరు వరకు నేను 7 కార్డులు రాశాను. తను 2 రాసింది, ఆ రెండూ నా వాటికి జవాబులే. దసరా సెలవుల్లో సంతకు పోదామన్నదీ నేనే, గెడ్డకు స్నానానికి పోదామన్నదీ నేనే. లెక్కల నోటు వెనకాల గీతలు గీసి మరీ లెక్క పెట్టాను. అలా లెక్కపెట్టడం మంచి బుద్ధి కాదని తెలుసు, కానీ కోపం అలాంటిది.

నవంబరులో పంతం పట్టాను. నేను రాయను, తను ఎన్నాళ్ళకు రాస్తుందో చూద్దాం అని. అయిదు వారాలు గడిచాయి, కార్డు రాలేదు. పోస్టు వచ్చినప్పుడల్లా ఆఫీసు గది వైపు చూసేదాన్ని. నన్ను చూడ్డానికి వచ్చిన అమ్మతో చెప్పి ఏడిస్తే, "నువ్వు పరీక్ష పెట్టావని దానికి తెలుసా?" అంది. తెలీదు. తెలియని పరీక్షలో తను తప్పిందని నేను మార్కులు వేసేశాను.

సంక్రాంతి సెలవుల్లో చెప్పేద్దామనుకున్నాను. ఏం చెప్పాలో ముందు కాయితం మీద రాసుకున్నాను. "నువ్వెప్పుడూ ముందు రాయవు" అని మొదలెట్టి కొట్టేశాను. అలా అంటే, ఎందుకు రాయలేదో తను సాకులు వెతుక్కుంటుంది, లేకపోతే ఏడుస్తుంది. అందరి ముందూ అంటే తల ఎత్తుకోలేదు. కార్డు మీద రాద్దామంటే పోస్టుమాను కూడా చదువుతాడు! అందుకని మేమిద్దరమే అరుగు మీద అడ్డాకులు కుట్టేటప్పుడు చెప్పాను. చేతుల్లో పని ఉంటే ముఖాలు చూసుకోనక్కర్లేదు.

"వదినా, నీ కార్డు వస్తే ఆ వారమంతా నాకు సంతోషం. జూన్ నుంచి ముందు రాసింది నేనే. నేను మానేస్తే మన స్నేహం కూడా ఆగిపోతుందేమోనని భయమేస్తోంది. ఈసారి బడికి పోయాక ముందు కార్డు నువ్వు రాస్తావా?" అన్నాను. అంతే. నవంబరు పంతం గురించి కూడా ఒప్పేసుకున్నాను.

తను ఒక విస్తరి కుట్టడం అయ్యేదాకా మాట్లాడలేదు. నాకు గుండె దడదడ. తర్వాత అంది, "నువ్వు అడ్రసు పక్కన కూడా వదలకుండా నింపేస్తావు. నాకు నాలుగు మాటలే వస్తాయి, అవీ తప్పులు. చూసి నవ్వుతావేమోనని రాయలేదు. మరి దసరాకి నేను అమ్మమ్మ ఊరికి పోదామంటే దూరమని కొట్టేశావు కదా, గుర్తుందా?"

నాకు గుర్తు లేదు. నా లెక్కలో ఆ గీత లేదు. వేసవిలో నాకు జ్వరమొస్తే మా ఇంటికి రోజూ నీళ్ళు మోసింది తనే. అదీ లేదు.

రెండు మాటలు అనుకున్నాం. నాలుగు మాటల కార్డయినా చాలు. తను ఒక ఆలోచన చెబితే నేను దిద్దకూడదు. ఆ మర్నాడే పీతలకు పోదామంది. మధ్యాహ్నం ఎండలో బయల్దేరదీసింది! పొద్దున్నే పోతే బాగుండునని నోటిదాకా వచ్చి మింగేశాను. మూడు పీతలు దొరికాయి, అంతే.

ఇదే మాట మా డార్మెటరీలో ఇంకో స్నేహితురాలితోనూ అన్నాను. "సరేలే" అని నవ్వింది. రెండోసారి మెల్లగా అడిగాను, అదే నవ్వు. మూడోసారి అడగలేదు. ఇప్పుడు కలిస్తే కబుర్లు చెప్పుకుంటాం, పనిగట్టుకుని తన వెంటపడటం మాత్రం మానేశాను. కొంచెం బాధే.

వదిన ఫిబ్రవరిలో ముందు రాసింది. వాళ్ళ మేక రెండు పిల్లల్ని పెట్టిందట, "పిల్లళ్ళు" అని రాసింది. మార్చిలో రాయలేదు, అప్పుడు నేనే రాశాను. మొన్న మళ్ళీ కార్డు వచ్చింది. "సెలవులిచ్చిన మర్నాడు అమ్మమ్మ ఊరు పోదాం. నువ్వు రావాలి."

దూరమే. ఎండలు కూడా. "వస్తాను" అని ఒక్క మాట రాసి, మిగతా కార్డు ఖాళీగా వదిలేసి పోస్టులో వేశాను.