ముందు కష్టమైనవి ఐదు

మా అక్క జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్. ఏడో తరగతిలో నలభై రెండు మంది. వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికినప్పుడల్లా నేను ఊరెళ్ళి, శనివారాలు ఆమె క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటాను. అదే పాఠం, అదే బోర్డు. ఒకడికి భిన్నాల భాగహారం దగ్గరే చెమటలు పడుతుంటాయి. ఇంకొకడు పది నిమిషాల్లో అన్నీ ముగించి కిటికీలోంచి వేపచెట్టు చూస్తుంటాడు.

ఆ రెండోవాడితో ఏం చేయాలి? మామూలుగా జరిగేవి రెండు. అలాంటివే ఇంకో ఇరవై లెక్కలు ఇస్తారు, అంటే తొందరగా చేసినందుకు శిక్ష. లేదంటే లీడర్ని చేసి మిగతావాళ్ళకి చెప్పమంటారు. వాడికి తెలిసిందే మళ్ళీ మళ్ళీ చెప్తాడు, కొత్తది ఒక్కటీ నేర్చుకోడు.

మూడో దారి నేను చదివిన ప్రైవేట్ స్కూల్లో చూశాను. టాపర్లకి వేరే సెక్షన్, ఐడీ కార్డుకి వేరే రంగు రిబ్బన్. నేను ఆ సెక్షన్లోనే ఉన్నాను. అక్కడ ఎవరూ డౌట్ అడిగేవాళ్ళు కాదు. అడిగితే రిబ్బన్ పోతుందన్న భయం. ఇది మా ఒక్క క్లాసు జబ్బు కాదని తర్వాత తెలిసింది. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే సైకాలజిస్టులు ఐదో తరగతి పిల్లలతో చేసిన పరిశోధన ఒకటుంది. మొదటి పజిల్స్ బాగా చేసినందుకు కొందరిని ‘నువ్వు తెలివైనవాడివి’ అని, కొందరిని ‘బాగా కష్టపడ్డావు’ అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిల్స్ ఇచ్చి, ఓడిపోయాక మళ్ళీ సులువైనవి ఇస్తే, తెలివైనవాళ్ళు అనిపించుకున్నవాళ్ళు మొదటికంటే వెనకబడ్డారు.

అక్క పద్ధతిలో సెక్షన్లూ లేవు, రిబ్బన్లూ లేవు. సుసాన్ వైన్‌బ్రెన్నర్ అనే అమెరికన్ టీచర్ పుస్తకాల్లో రాసిన ఉపాయాన్నే అక్క తన క్లాసుకి తగ్గట్టు మార్చుకుంది. అభ్యాసంలో ఇరవై లెక్కలుంటే అన్నిటికంటే కష్టమైన ఐదిటి నంబర్లు బోర్డు మూల రాస్తుంది. పాఠం చెప్పాక ఎవరైనా సరే వాటితోనే మొదలుపెట్టొచ్చు. స్టెప్పులతో సహా నాలుగు కరెక్టయితే మిగతా పదిహేను చేయక్కర్లేదు. రెండు తప్పితే అక్కడే ఆపి, ఒకటో లెక్క నుంచి వరసగా చేసుకోవాలి. స్టెప్పులు ఎందుకంటే, పక్కవాడి జవాబు అందరికీ కనబడుతుంది కదా! వచ్చే పాఠానికి అంతా మళ్ళీ సున్నా నుంచే. పోయినసారి దాటినవాడు ఈసారి దాటకపోవచ్చు. ఇందులో ఎవరికీ పేరు పెట్టే పని లేదు.

అలా మిగిలిన టైములో ఒక చిట్టీ ఇస్తుంది. చిట్టీలో ఉండేది పై తరగతి సిలబస్ కాదు, అదే తరగతి లెక్కని ఇంకాస్త లోతుగా తవ్వే ప్రశ్న. నేను చూసినది ఇది: 9ని వరస సంఖ్యల మొత్తంగా 4+5 అని రాయొచ్చు, 2+3+4 అని కూడా రాయొచ్చు. 1 నుంచి 35 వరకు ఏ సంఖ్యలు ఇలా కుదురుతాయి, ఏవి కుదరవు?

కూడిక వస్తే చాలు, ఎవరైనా మొదలుపెట్టొచ్చు. అందుకే తొలి చిట్టీని అక్క క్లాసు మొత్తానికీ ఇచ్చింది. ఎవరిలో ఏముందో చూడాలంటే ముందే నలుగురిని ఏరకూడదు అంటుంది.

క్లాసు ఫస్ట్ వచ్చే అబ్బాయి చకచకా జాబితా రాసేశాడు. 1, 2, 4, 8, 16, 32 కుదరడం లేదు, రెట్టింపవుతూ పోతున్నాయి అన్నాడు. కరెక్టే. “అయిపోయింది టీచర్, ఇంకోటివ్వండి.” మూడో బెంచీలో ఒకమ్మాయి మాత్రం ఇరవై కూడా దాటలేదు. పరీక్షల్లో ఆమెకి అరవై దగ్గర్లో వస్తాయి, స్టెప్పులు మింగేస్తుంది కాబట్టి. ఆ పిల్ల 8 దగ్గరే ఆగిపోయింది. “ఎందుకు కుదరట్లేదు టీచర్?”

మూడు వరస సంఖ్యలు కూడితే ఎప్పుడూ మూడో ఎక్కంలో పడుతోందని, ఐదు కూడితే ఐదో ఎక్కంలో పడుతోందని ఆమే కనుక్కుంది. నాలుగు కూడితే 10, 14, 18 వచ్చాయి. అవి నాలుగో ఎక్కంలో లేవు. అక్కడ చిక్కుకుంది. అక్క ఒక్కటే మాట అంది: “మొదటిదీ చివరిదీ కలిపి చూడమ్మా.”

తర్వాతి శనివారానికి నోట్‌బుక్ వెనక పేజీ నిండిపోయింది. 2+3+4+5లో 2+5 ఏడు, 3+4 కూడా ఏడే. కాబట్టి 14 అంటే రెండు ఏడులు. కూడే సంఖ్యలు మూడో, ఐదో, ఏడో అయితే మొత్తంలో ఆ బేసి సంఖ్య దూరుతుంది. రెండో, నాలుగో, ఆరో అయితే మొదటిదీ చివరిదీ కలిపితే బేసి వస్తుంది, అది దూరుతుంది. 8ని ఎలా విరిచినా 1 తప్ప బేసి సంఖ్య దొరకదు. అందుకే కుదరదు.

ఇది ఋజువే. ఆ పిల్లకి ఆ మాట తెలీదంతే.

అక్క దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అందులో ఎవరి పేరు పక్కనా ‘బ్రైట్’ అనో ‘యావరేజ్’ అనో ఉండదు. తేదీ వేసి ‘8 దగ్గర ఆగి ఎందుకని అడిగింది’ అని రాసి ఉంటుంది. జవాబు వచ్చాక కూడా ఆగనివాళ్ళు, ఇంకో దారి వెతికేవాళ్ళు, ఎందుకని అడిగేవాళ్ళు, ఈ మూడే ఆమె చూసేది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఫ్లాగ్ పెట్టడం లేదు, లాగ్ రాస్తోంది.

టీచర్ కంటికి ఆనినవాళ్ళనే ఏరితే ఎవరు జారిపోతారో అమెరికాలో ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో బయటపడింది. అక్కడ ఒకప్పుడు టీచర్లో తల్లిదండ్రులో పేరు చెబితేనే గిఫ్టెడ్ పరీక్షకి పంపేవాళ్ళు. 2005లో రెండో తరగతి పిల్లలందరికీ ముందు ఒక స్క్రీనింగ్ టెస్ట్ పెట్టారు. పేద పిల్లలు, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు అంతకుముందుకన్నా చాలా ఎక్కువమంది తేలారు. వాళ్ళు అంతకుముందూ ఆ బెంచీల్లోనే ఉన్నారు. పేరు చెప్పేవాళ్ళే లేరు.

అక్క పద్ధతీ అంత సాఫీగా ఏం నడవలేదు. రెండో నెలకల్లా పిల్లలు ఎవరికెన్ని చిట్టీలొచ్చాయో లెక్కపెట్టుకోవడం మొదలైంది. ఒక నాన్న స్కూలుకే వచ్చి “మావాడికి చిట్టీలు ఎందుకు రావట్లేదండీ?” అని అడిగారు. అంటే చిట్టీయే రిబ్బన్ అయి కూర్చుంది! అప్పట్నుంచి చిట్టీలన్నీ ఒక స్వీటు డబ్బాలో వేసి టేబుల్ మీద పెట్టేసింది. శనివారం చివరి పదిహేను నిమిషాలు ఎవరైనా తీసుకోవచ్చు. ఐదూ దాటినవాళ్ళకి మిగతా రోజుల్లోనూ ఆ డబ్బా తెరిచే ఉంటుంది.

దీనికీ హద్దులున్నాయి. ఒకే పీరియడ్, ఒకే టీచర్. భిన్నాలు రానివాళ్ళ దగ్గర కూర్చుంటే చిట్టీ వాళ్ళని పలకరించడానికి టైముండదు. నిజంగా రెండుమూడేళ్ళు ముందున్న పిల్లలకి చిట్టీలు సరిపోవు కూడా. అలాంటివాళ్ళని లెక్కల పీరియడ్‌కి తొమ్మిదో తరగతిలో కూర్చోబెడితేనే మేలని అక్క అభిప్రాయం. టైమ్‌టేబుల్ కలవక ఇంకా కుదర్లేదు.

మొన్న వెళ్ళినప్పుడు మూడో బెంచీ అమ్మాయి సొంతంగా రాసిన చిట్టీ డబ్బాలో ఉంది: ‘45ని ఎన్ని రకాలుగా రాయొచ్చు?’ అది ఆ నాన్నగారి అబ్బాయి చేతికొచ్చింది. వాడు, పక్కవాడు కలిసి 22+23, 14+15+16, తర్వాత ఐదు సంఖ్యలతో ఒకటి, ఆరిటితో ఒకటి పట్టుకున్నారు. నాలుగే అన్నాడు పక్కవాడు. వీడు ఒప్పుకోలేదు, ఒకటి నుంచి వేళ్ళ మీద కూడుకుంటూ పోయాడు. తొమ్మిది దగ్గర ఆగి, లేచి నిలబడ్డాడు.