వెలి పడిన ఏడాది ఫోటో

మా పట్టపుపాలెం నెల్లూరు జిల్లా తీరంలో, మైపాడుకు ఉత్తరంగా ఉంటుంది. మా పాలేల్లో ఏ తగువు వచ్చినా పెద్దకాపులే కూర్చుని తేల్చాలి. ఆ కట్టుబాటును దురాయి అంటాం. పడవ వాటాల దగ్గర గొడవ వచ్చి, మా నాన్న వాళ్లకు చెప్పకుండా పోలీసు స్టేషన్‌కు పోయాడు. దాంతో మమ్మల్ని వెలివేశారు. మా ఇంటివాళ్లతో ఎవరు మాట్లాడినా ఐదు వేలు తప్పు కట్టాలని చాటింపు వేయించారు. నేనప్పుడు పదో తరగతి చదువుతున్నా.

వెలి అంటే ఎవరూ కొట్టరు, తిట్టరు. అంగట్లో అగ్గిపెట్టె అడిగితే లేదంటారు. కుళాయి దగ్గర మా అమ్మ బిందె పెడితే మిగతావాళ్లు తమ బిందెలు తీసుకుని పక్కకు పోతారు. అసలు దెబ్బ వేట దగ్గర పడుతుంది. ఫైబరు బోటు ఒక్కడితో కదలదు. ఇసకలోంచి నీళ్లలోకి తోయాలన్నా, వలేసి లాగాలన్నా నలుగురైదుగురు కావాలి. మా నాన్నతో వచ్చే వాళ్లందరూ మానేశారు. బోటు ఒడ్డునే ఎండింది. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా ఎవరూ సముద్రం మీదకు పోరు కదా, మాకు ఆ నిషేధం ఫిబ్రవరిలోనే వచ్చిపడింది.

మా ఇంటికి రెండిళ్ల అవతల నా స్నేహితురాలు. పేరు రాయను. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. బడి పాలెంలో కాదు, పక్క ఊళ్లో. అక్కడ మా దురాయి చెల్లదు కాబట్టి తను అక్కడైనా మాట్లాడుతుందనుకున్నా. కానీ మా పాలెం పిల్లలు ఇంకా తొమ్మిది మంది అదే బడిలో ఉన్నారు. తను ఏమన్నా ఆ సాయంత్రానికి పాలెంలో తెలుస్తుంది. బెంచీ మారింది. ఆటోలో ముందు సీటుకు పోయింది. నా లెక్కల నోట్సు తన దగ్గరుంటే వేరే పిల్లతో పంపించింది.

గ్రూప్ ఫోటో అంతకుముందే, సంక్రాంతి సెలవులయ్యాక తీశారు. పొడుగు పిల్లలమని మమ్మల్ని వెనక బెంచీ మీద నిలబెట్టారు. నేను కుడి చివర, తను నా పక్కన, నా చెయ్యి పట్టుకుని. కాపీలు పరీక్షల ముందు వచ్చాయి. తను ఆ ఫోటోని ఫోన్లో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టింది. హాల్ టికెట్లు తీసుకునే రోజు వేరే ఊరి అమ్మాయి నాకు చూపించి, "ఇందులో నువ్వు లేవేందే?" అంది.

ఫోన్లో ఫోటో కత్తిరిస్తే గీత నిలువునా పోతుంది. ఒక్క మనిషిని తీయడం కుదరదు. నాతో పాటు నా కింద వరసలో నిలబడ్డ అమ్మాయి, ఆ కింద కుర్చీలో కూర్చున్న తెలుగు సారు, నేల మీద కూర్చున్న ఒక అబ్బాయి, అందరూ పోయారు. తన ఎడమ భుజం కూడా పోయింది. చూపించిన అమ్మాయి ఫోన్ పట్టుకుని సారేడని నవ్వుతోంది. నాకు గొంతు పూడుకుపోయింది. అంగట్లో లేదన్నప్పుడు కూడా ఏడవలేదు, ఆ రోజు బడి వెనక కూర్చుని ఏడ్చా.

తను ఎందుకట్లా చేసిందో ఎండాకాలంలో వాళ్ల పెద్దమ్మ మా అమ్మకు చీకటిపడ్డాక వచ్చి చెప్పింది. తను మొదట ఫోటో మొత్తమే పెట్టిందంట. అది చూసి పెద్దకాపుల మనిషి ఒకాయన వాళ్ల నాన్నను అడిగాడంట, వెలి ఇంటి పిల్లతో చేతిలో చెయ్యేంటని. ఐదు వేలంటే ఆయనకు వేట సాగిన వారం రోజుల సంపాదన. ఆ రాత్రే తీయించి, కత్తిరించింది పెట్టించారు. ఉత్తినే తీసేస్తే చాలదన్నారంట. నేను లేనట్టు అందరికీ కనపడాలి.

మా నాన్న నెల్లూరులో లాయరును కలిశాడు. 1955 నాటి పౌరహక్కుల చట్టం అంటరానితనానికి సంబంధించింది, మీదంతా ఒకే కులం, అది పనికిరాదన్నాడు. మహారాష్ట్రవాళ్లు 2016లో వెలికోసమే ఒక చట్టం చేసుకున్నారని కూడా చెప్పాడు. మిగతా సెక్షన్లకు సాక్షులు కావాలి. మాట్లాడొద్దని ఎవరూ కాగితం మీద రాయలేదు. చాటింపు విన్నవాళ్లంతా విన్నామని చెప్తే వాళ్లూ తప్పు కట్టాలి.

వేట మళ్లీ మొదలయ్యే ముందు మా నాన్న కేసు వెనక్కి తీసుకుని, గుడి ముందు అందరిలో తప్పు కట్టాడు. మర్నాడే అంగడాయన అమ్మను వదినా అని పిలిచాడు. నా స్నేహితురాలు ఇంటికొచ్చి, ఇంటర్‌కి ఏ కాలేజీ మే అని అడిగింది. నేను చెప్పా. తనని కోప్పడలేదు, పదిహేనేళ్ల పిల్ల ఇంట్లోవాళ్లను కాదని ఏం చేయగలదు. కానీ మళ్లీ ఒకే బెంచీలో కూర్చోవాలనిపించక వేరే గ్రూపు తీసుకున్నా. తప్పు వేసిన పెద్దమనుషుల్ని మాత్రం నేనివాళ్టికీ మామా అని పిలవను.