తల్లాడలో ఒక నైట్ డ్యూటీ పరిశోధనకు ముసాయిదా

ఖమ్మం నుంచి వైరా మీదుగా వస్తే తల్లాడ సెంటర్‌లో దారులు చీలతాయి. ఒకటి సత్తుపల్లికి, ఇంకోటి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వైపు, అంటే అడవి అంచుకు. నా దగ్గర పరిశోధన పద్ధతులు చదువుకుంటున్న ఎమ్మెస్సీ నర్సింగ్ అమ్మాయిది ఈ ఊరే. నైట్ డ్యూటీలు నర్సులను ఎంతగా కుంగదీస్తున్నాయన్నది ఆమె థీసిస్ అంశం. ముసాయిదా ఇక్కడే కూర్చుని రాద్దామని నేనే అన్నాను, ఎందుకంటే వాళ్ల పిన్ని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మాకు కావలసిన సగం సమాధానాలు ఆమె దగ్గరే ఉన్నాయి.

అమ్మాయి మొదట రాసుకున్న ప్రశ్న ఇది: పగలు పనిచేసే నర్సుల కన్నా రాత్రి పనిచేసే నర్సుల్లో బర్నౌట్ ఎక్కువా? చదవగానే బాగానే ఉంటుంది. కానీ చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8 దాకా డ్యూటీలు నడుస్తాయి. అందరికీ వంతులవారీగా నైట్లు పడతాయి.

“రాత్రి నర్సులు వేరే, పగటి నర్సులు వేరే ఉంటారా అమ్మాయ్? నేను పోయిన వారం నైట్, ఈ వారం మార్నింగ్. మరి నన్ను ఏ లెక్కలో వేస్తవ్?” అంది పిన్ని.

ఆ ఒక్క మాటతో ప్రశ్న మారిపోయింది. మనుషులను రాత్రివాళ్లు, పగటివాళ్లు అని రెండు గుంపులు చేయడం మానేసి, గడచిన నాలుగు వారాల్లో ఎన్ని నైట్లు చేశారు, వరసగా ఎన్ని చేశారు, ఆ రాత్రుల్లో వార్డులో ఒక్కరే ఉన్నారా, తోడు ఉన్నారా అని అడగాలనుకున్నాం. మూడోది పిన్ని పట్టుబట్టి చేర్పించింది. చిన్న ఆసుపత్రిలో రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు ఒకేసారి కాన్పు కేసు, పాముకాటు కేసు వస్తే పడే భారం నైట్ల సంఖ్యలో కనిపించదు.

ఆ తర్వాత కొలిచే సాధనం. 1981లో మాస్లాక్, జాక్సన్ ప్రకటించిన ఇన్వెంటరీ పేరున్నదే కానీ దాన్ని వాడాలంటే లైసెన్సు కొనాలి. మేం 2005లో వెలువడిన కోపెన్‌హేగన్ బర్నౌట్ ఇన్వెంటరీ తీసుకున్నాం. 19 ప్రశ్నలు, ఒక్కో జవాబుకు 0 నుంచి 100 దాకా విలువ, ఒక్కో విభాగంలోని జవాబుల సగటే ఆ విభాగం స్కోరు. పని వల్ల వచ్చే బర్నౌట్‌కు సంబంధించిన ఏడు ప్రశ్నల తెలుగు అనువాదాన్ని పిన్నికి చదివి వినిపించాం. పని రోజు ముగిసేసరికి అలసిపోతారా అన్న ప్రశ్న దగ్గర ఆమె ఆగింది. పొద్దున లేవగానే ఇంకో రోజు పని ఉందన్న ఆలోచనకే నీరసం వస్తుందా అన్న దగ్గర మళ్లీ ఆగింది. నైట్ చేసిన మనిషికి పొద్దున అంటే పని అయిపోయే వేళ. అలాగే అడిగితే ఒకరు డ్యూటీ ముగింపును, ఇంకొకరు డ్యూటీ మొదలును తలుచుకుని జవాబు రాస్తారు. అందుకే “డ్యూటీ ముగిసేసరికి”, “డ్యూటీకి బయలుదేరే ముందు” అని మార్చాం. మార్చిన సంగతి ప్రపోజల్‌లో రాసి, తెలుగు నుంచి తిరిగి ఇంగ్లిష్‌లోకి వేరొకరి చేత అనువదింపజేసి మూలంతో సరిచూడాలి. పది మంది నర్సులను ముందుగా అడిగి చూడాలి. ఆ పది మంది ఫారాలు అసలు లెక్కలో కలపకూడదు.

ఎక్కువసేపు మాట్లాడింది డిజైన్ మీదే. ఏడాదిలో ముగించాల్సిన థీసిస్ కాబట్టి ఒక్కసారి కొలిచే క్రాస్ సెక్షనల్ పద్ధతే సాధ్యం. దాని బలహీనత పిన్ని కథలోనే దొరికింది. తనతో చేరిన ఇద్దరు చిన్నవాళ్లు నైట్లు తట్టుకోలేక వెళ్లిపోయారట. ఒకరు ఉద్యోగమే మానేశారు, ఇంకొకరు పగలు మాత్రమే నడిచే క్లినిక్‌లో చేరారు. ఇవాళ ఆ ఆసుపత్రికి వెళ్లి ఫారాలు పంచితే జవాబిచ్చేది తట్టుకుని మిగిలినవాళ్లే. సర్వీసు పెరిగేకొద్దీ స్కోరు తగ్గుతున్నట్టు కనిపిస్తే, అనుభవంతో అలవాటు పడతారని రాసేయడం చాలా తేలిక. అది అలవాటో, తట్టుకోలేనివాళ్లు జారిపోవడమో ఈ ఒక్క కొలతతో తేలదు.

పూర్తి విరుగుడు లేదు కానీ రెండు పనులు చేయొచ్చు. గత రెండేళ్ల డ్యూటీ రోస్టర్లలోంచి ఎంతమంది పేర్లు నైట్ల నుంచి తప్పుకున్నాయో లెక్క తీయాలి. ఇప్పుడు పగలు మాత్రమే చేసేవాళ్లను, మునుపు నైట్లు చేశారా, ఎందుకు మానారు అని అడిగి విడిగా చూడాలి. వాళ్లను నైట్లు ఎరగనివాళ్ల కింద జమకడితే పోలికే తప్పిపోతుంది. ఇక లక్ష్యాల పేరాలో “ప్రభావం” అని ఉన్నచోటల్లా “సంబంధం” అని దిద్దాం.

శాంపిల్ దగ్గర అమ్మాయి “వంద మంది, అందుబాటులో ఉన్నవారు” అని రాసుకుంది. ఆ వంద ఎక్కడిదంటే సీనియర్ థీసిస్‌లో ఉందంది. మేం లెక్క కట్టాం. నాలుగు వారాల్లో ఆరు, అంతకు మించి నైట్లు చేసినవారిని, తక్కువ చేసినవారిని పోల్చి, ఆ రెండు వర్గాల సగటు స్కోర్ల మధ్య 7 పాయింట్ల తేడా ఉంటే పట్టుకోవాలని కోరిక. స్కోర్ల ప్రామాణిక విచలనం 18 అనుకున్నాం, పైలట్ తర్వాత సరిచూసుకోవాలి.

n = 2 × (1.96 + 0.84)² × 18² ÷ 7² ≈ 104

అంటే ఒక్కో వైపు 104, మొత్తం 208. నూటికి పది మంది ఫారం ఇవ్వరనుకుంటే 232. అదే 5 పాయింట్ల తేడా పట్టుకోవాలంటే ఒక్కో వైపు 204 కావాలి. అంతమందిని ఒక్క అమ్మాయి చేరుకోలేదు. అందుకే 7 దగ్గర ఆగి, అంతకన్నా చిన్న తేడా ఉన్నా ఈ అధ్యయనం కనిపెట్టకపోవచ్చని పరిమితుల్లో రాశాం.

ఆ 232 ఎక్కడినుంచి? జాబితాలు ఇంకా చేతికి రాలేదు. లెక్క కోసం ఖమ్మం పెద్దాసుపత్రిలో 240 మంది, సత్తుపల్లి, మధిర లాంటి చిన్న ఆసుపత్రుల్లోనూ పీహెచ్‌సీల్లోనూ కలిపి 120 మంది నర్సులు అనుకున్నాం. చిన్నచోట్ల అందరినీ తీసుకోవాలి. ఒంటరి నైట్లు ఉండేది అక్కడే, పైగా ముగ్గురున్న చోట ఒకరిని చీటీ వేసి తీయడంలో అర్థం లేదు. మిగతా 112 మందిని పెద్దాసుపత్రి రోస్టర్‌లోంచి యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంచాలి. అప్పుడు పెద్దాసుపత్రిలో ఎంపికైన ఒక్కొక్కరు సుమారు 2.1 మందికి ప్రతినిధి అవుతారు. మొత్తం నర్సుల సగటు చెప్పేటప్పుడు ఆ బరువు వేయకపోతే చిన్న ఆసుపత్రుల మాటే ఎక్కువ వినిపిస్తుంది. వార్డుకు వెళ్లి ఆ పూట కనిపించినవాళ్లకు ఫారం ఇస్తే మాత్రం సెలవులో ఉన్నవాళ్లు, నైట్ ఆఫ్‌లో పడుకున్నవాళ్లు జారిపోతారు. మనం వెతుకుతున్నది ముఖ్యంగా వాళ్లనే.

ఫారం ఎవరు పంచాలన్న దగ్గర పిన్ని గట్టిగానే అంది, “హెడ్ నర్సు చేతికియ్యకు. ఆమె చేతిలో పడితే అందరం బాగున్నమనే రాస్తం.”

కాబట్టి అమ్మాయే స్వయంగా కవరులో ఇచ్చి, అంటించిన కవరు తానే తీసుకోవాలి. నైట్ ముగిసిన పొద్దున కాకుండా కనీసం ఒక నైట్ ఆఫ్ అయ్యాక నింపమనాలి, లేకపోతే ఆ రాత్రి నిద్రలేమినే కొలిచినట్టవుతుంది. ముగ్గురే నర్సులున్న పీహెచ్‌సీ పేరు, వయసు, సర్వీసు ఒకే పట్టికలో వేస్తే మనిషి ఎవరో ఊరంతా చెప్పేస్తుంది. అందుకని పీహెచ్‌సీలన్నిటినీ ఒకే వరసలో కలిపి చూపిస్తామని ఎథిక్స్ కమిటీకిచ్చే పత్రంలో రాశాం. స్కోరు మరీ ఎక్కువగా ఉన్నవారికి ఏం చేస్తారన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఫారాల మీద పేర్లుండవు కనుక ఎవరినీ పిలిచి మాట్లాడలేం. ప్రతి కవరులోనూ ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఉన్న చీటీ పెడదామని అమ్మాయి అంది. అది చాలదని పిన్ని అంటోంది, నాకూ అదే అనిపిస్తోంది. కమిటీకి పంపేలోపు ఖమ్మంలో కౌన్సెలింగ్‌కు ఒప్పుకునేవాళ్లను వెతికే పని నేను తీసుకున్నాను.