చిత్రానికి మాట తోడు

చౌడేపల్లెలో నాతో పనిచేసిన మిత్రులొకరు చూపు పోయిన పిదప టపాలను స్క్రీన్ రీడర్ ద్వారా వింటున్నారు. బొమ్మలోని అంకెలను అది చదవలేకపోవచ్చు. అందుచేత నిన్న అక్షరాస్యతపై కమ్మీ చిత్రం పెట్టినప్పుడు దాని క్రింద ఈ వ్యాఖ్య వ్రాశాను: "ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేండ్లు, ఆ పైబడినవారి అక్షరాస్యత శాతం. ఆధారం: జనగణన."

చిత్రం ఏమి చూపుతున్నదో చెప్పే బాధ్యత `alt`ది. అక్కడ "అక్షరాస్యత చిత్రం" అంటే మిత్రునికి దక్కేదేమీ లేదు. కనుక ఇలా వ్రాశాను:

```
alt="2001లో పురుషులు 70, స్త్రీలు 50; 2011లో 75, 59. అంతరం 20 నుండి 16కు తగ్గింది."
```

కమ్మీలు సున్నా నుండే మొదలవ్వాలి. 50 నుండి మొదలైతే 2001 నాటి స్త్రీల కమ్మీ దాదాపు మాయమవుతుంది. బొమ్మను మూసి ఈ వాక్యాలను పైకి చదవండి; అంతరం తగ్గిన సంగతి చెవికి అందితే చాలు.