తన్‌ఖా పెరిగితే చేతికి తక్కువొస్తుందా?

"ఆపా, ఇంక్రిమెంట్ వద్దని రాసిచ్చేద్దామనుకుంటున్నా." మా ఖాలా కొడుకు ఫోన్ చేసి ఈ మాట అన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఇలా అన్నవాడు వీడొక్కడే కాదు. ఇరవై ఏళ్లుగా అకౌంట్స్ పని చేస్తున్నాను. తరక్కీ వచ్చిన ప్రతి సాల్ ఎవరో ఒకరు ఇదే ఫిక్ర్‌తో వస్తారు: "పై స్లాబులో పడితే ఉన్నది కూడా పోతుందట కదా?"

వాడి హిసాబ్ ఇదీ. స్టాండర్డ్ డిడక్షన్ పోగా ట్యాక్స్ పడే ఆమ్‌దనీ 15,80,000. ఆఫీసులో టీమ్ లీడర్‌ని చేసి సాల్‌కి 60,000 పెంచుతామన్నారు. అప్పుడది 16,40,000 అవుతుంది. పదహారు లక్షల దాకా 15 శాతం, అది దాటితే 20 శాతం అని ఎక్కడో చూశాడు. 15,80,000 మీద 15 శాతం అంటే 2,37,000. 16,40,000 మీద 20 శాతం అంటే 3,28,000. పెరిగింది అరవై వేలు, ట్యాక్స్ పెరిగింది తొంభై ఒక్క వేలు. అంటే ముప్ఫై ఒక్క వేలు నుఖ్సాన్. గుణకారాల్లో తప్పేం లేదు. తప్పంతా శాతం దేనిమీద వేయాలన్న దగ్గరే ఉంది.

ఈ భయం బేవకూఫీ అని నేననను. మనం రోజూ చూసే హిసాబ్‌లు అలాగే ఉంటాయి మరి. జకాత్ సంగతే తీసుకోండి. నిసాబ్ దాటి సంవత్సరం గడిస్తే రెండున్నర శాతం లెక్కించేది నిసాబ్‌కి పైనున్న దానిమీద కాదు, జకాత్ వర్తించే మొత్తం మాల్ మీద. తెలంగాణలో గృహజ్యోతి కరెంటు కూడా అంతే. 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. అది దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లూ కట్టాలి. గీత దాటామంటే వెనకున్నదంతా లెక్కలోకి వస్తుందన్నది మనకు బాగా అలవాటైపోయింది. ఇన్‌కమ్ ట్యాక్స్ స్లాబుల్లో మాత్రం వెనకున్నదాన్ని ఎవరూ ముట్టుకోరు.

వాడికి వంటింటి డబ్బాల మాట చెప్పాను. వరసగా డబ్బాలున్నాయనుకో, ఒక్కోదాంట్లో నాలుగు లక్షలు పడతాయి. 2025-26 సంవత్సరానికి కొత్త విధానం ప్రకారం మొదటి డబ్బా మీద ట్యాక్స్ లేదు. రెండోదానికి 5 శాతం, మూడోదానికి 10, నాలుగోదానికి 15, ఐదోదానికి 20. ఒకటి నిండాకే తర్వాతి దాంట్లో పడుతుంది. ఐదో డబ్బాలో గుప్పెడు పడినంత మాత్రాన మూడో డబ్బా మీద రేటు మారదు.

ఇప్పుడు వాడి పాత ఆమ్‌దనీ పోసి చూద్దాం. రెండో డబ్బాకి 20,000. మూడోదానికి 40,000. నాలుగో దాంట్లో పడేది 3,80,000, దానికి 57,000. మొత్తం 1,17,000. వాడనుకున్న 2,37,000లో సగం కూడా లేదు. పెరిగిన అరవై వేలలో 20,000 నాలుగో డబ్బాలో మిగిలిన ఖాళీలోకి పోతుంది, దానిమీద 3,000. మిగతా 40,000 ఐదో దాంట్లో పడుతుంది, దానిమీద 8,000. అంటే కొత్తగా పెరిగే ట్యాక్స్ 11,000. నాలుగు శాతం సెస్ కలిపితే 11,440. వాడికి మిగిలేది 48,560.

"అంటే 20 శాతం ఆ చివరి నలభై వేలకేనా, ఆపా?" అన్నాడు.

"బిల్‌కుల్, దానికే."

ఆ 20 శాతాన్నే మార్జినల్ రేటు అంటారు. తర్వాత వచ్చే రూపాయి మీద ఎంత పోతుందో అది చెబుతుంది. మొత్తం ట్యాక్స్‌ని మొత్తం ఆమ్‌దనీతో భాగిస్తే వచ్చేది యావరేజ్ రేటు. వాడి విషయంలో సెస్‌తో సహా పాతది 7.7 శాతం, కొత్తది 8.1 శాతం. "నేను ట్వంటీ పర్సెంట్ స్లాబులో ఉన్నా" అనే మనిషి నిజంగా కడుతున్నది ఎనిమిది శాతం చిల్లర. ఇంక్రిమెంట్ తీసుకోవాలా వద్దా అనే హిసాబ్‌కి మార్జినల్ రేటు కావాలి. ఇంట్లోంచి మొత్తం ఎంత పోతోందో చూడాలంటే యావరేజ్ కావాలి. ఒకదాని పనికి ఇంకోదాన్ని వాడితే మా వాడి ముప్ఫై ఒక్క వేల నుఖ్సాన్ పుట్టుకొస్తుంది. స్లాబ్ రేటు నూటికి నూరు కానంత కాలం పెరిగిన ప్రతి రూపాయిలో ఎంతో కొంత చేతికి మిగిలే తీరుతుంది.

మరి "మా భాయ్‌కి నిజంగానే తక్కువొచ్చింది, పే స్లిప్ చూశాం" అనేవాళ్లున్నారు. వాళ్లూ అబద్ధం చెప్పడం లేదు. ఆఫీసువాళ్లు సంవత్సరం ట్యాక్స్‌ని అంచనా వేసి నెలనెలా కోస్తారు. పెరుగుదల ఏప్రిల్ నుంచి అమలై, ఆర్డరు డిసెంబరులో వచ్చిందనుకోండి. బకాయిలన్నీ ఒక్కసారే పడతాయి, కానీ సంవత్సరం మొత్తానికి పెరిగిన ట్యాక్స్‌ని మిగిలిన మూడు నెలల్లోనే రాబట్టాలి. మా వాడి లెక్కయితే జనవరి నుంచి మార్చి దాకా నెలకు సుమారు 3,800 అదనంగా పోతుంది. నెలకు ఐదు వేలు పెరిగిందన్న మనిషికి చేతిలో పన్నెండు వందలే కనిపిస్తుంది. పాత విధానంలో ఉండి, ఎల్‌ఐసీ రసీదులు ఆఫీసులో ఇవ్వనివాళ్లకయితే ఆ నెలల్లో నిజంగానే తగ్గిపోతుంది. ఒక్క మహీనా స్లిప్ పట్టుకుని తీర్పు చెప్పకండి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా వచ్చింది, పోయింది కూడి, కిందటి సంవత్సరంతో పోల్చండి.

గీత దాటితే నిజంగా నుఖ్సాన్ జరిగే చోటు ఇన్‌కమ్ ట్యాక్స్‌లోనూ ఉంది. అది స్లాబు వల్ల కాదు, రిబేట్ వల్ల. పాత విధానంలో ఐదు లక్షల దాకా 12,500 ట్యాక్స్‌ని రిబేట్ పేరుతో మాఫ్ చేస్తారు. 5,10,000 అయితే ఆ మాఫీ మొత్తం పోతుంది. 14,500, దానిమీద సెస్ కలిపి 15,080 కట్టాలి. పెరిగింది పది వేలే. ఐదు వేల పైచిలుకు సొంత జేబులోంచి పోయినట్టే.

కొత్త విధానంలో ఈ గీత పన్నెండు లక్షల దగ్గరుంది. జీతగాళ్లకు డెబ్భై ఐదు వేల స్టాండర్డ్ డిడక్షన్ ముందే తీసేస్తారు కాబట్టి వాళ్ల తన్‌ఖా 12,75,000 దాకా ట్యాక్స్ ఉండదు. ఇక్కడ మాత్రం మార్జినల్ రిలీఫ్ అని ఒకటి పెట్టారు. ట్యాక్స్ పడే ఆమ్‌దనీ 12,10,000 అయితే స్లాబుల ప్రకారం 61,500 కట్టాలి. కానీ పన్నెండు లక్షలకు పైనున్నది పది వేలే కాబట్టి పది వేలే కట్టమంటారు. సెస్ ఆ తర్వాత వేస్తారు, అదో 400. అంటే పది వేలు పెరిగిన మనిషికి ఏమీ మిగలకపోగా నాలుగు వందలు పోతాయి. సుమారు 12,74,000 దాటాకే పన్నెండు లక్షల దగ్గర ఆగినవాడికంటే చేతికి ఎక్కువ రావడం మొదలవుతుంది.

ఈ మధ్యలో ఉన్నవాళ్లు కూడా ఇంక్రిమెంట్ వద్దనక్కర్లేదు. ఆ పెరిగిన భాగాన్ని ఆఫీసు తరఫున ఎన్‌పీఎస్‌లో వేయగలరా అని అడగండి. యజమాని వేసే ఆ మొత్తానికి కొత్త విధానంలోనూ బేసిక్ మీద 14 శాతం దాకా మినహాయింపు ఉంది. ట్యాక్స్ పడే ఆమ్‌దనీ మళ్లీ పన్నెండు లక్షల లోపలికి వస్తుంది. కాకపోతే ఆ డబ్బు రిటైర్మెంట్ దాకా చేతికి దొరకడం కష్టం, ఇంటి ఖర్చుకు అక్కరకు రాదు. బేసిక్ మాత్రం పెరిగే ఉంటుంది, పీఎఫ్, గ్రాట్యుటీ దానిమీదే లెక్కిస్తారు.