ప్లేట్ల లెక్క కార్డులతో తేలదు

లాలాగూడలో రిసెప్షన్ అంటే సగం పిలుపులు రైల్వే వాళ్లకే. డ్యూటీ దిగి వచ్చేవాళ్లు ఎక్కువగా ఒక్కరే వస్తారు, చుట్టాలు ఇంటిల్లిపాదీ దిగుతారు. అందుకే కార్డులను నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. 500 మందిని పిలిచారనుకోండి. చుట్టాలు 150 మందిలో 135, ఆఫీసువాళ్లు 200లో 120, ఇరుగుపొరుగు 150లో 75 మంది వస్తారని వేస్తే 330. ప్లేటు 600 రూపాయలైతే 1,98,000. మొత్తం 500కీ కట్టేస్తే 3 లక్షలు. నా మాట: క్యాటరర్‌కు 300 ప్లేట్లే గ్యారంటీ ఇవ్వండి, ఆపైన 380 వరకు అదే రేటుకు పెట్టేలా ముందే రాయించుకోండి. అప్పుడు బడ్జెట్ 1,80,000, 2,28,000 మధ్యే ఉంటుంది.

భోజనం చాలకపోతే పరువు పోతుందంటారు. నిజమే, ఆ భయం చిన్నది కాదు. అయితే ముందు తరిగేది బిర్యానీ. అన్నం, సాంబారు అప్పటికప్పుడు వండొచ్చు, దమ్ముకు మాత్రం గంటకు పైగా పడుతుంది. కాబట్టి చివరి హండీకి మాంసం మసాలా పట్టించి ఐస్‌లో ఉంచి, 200వ ప్లేటు లేవగానే పొయ్యెక్కించమనండి. ప్లేట్ల దొంతరలను మొదట్లోనే మనవాళ్లొకరు లెక్కపెట్టి, చివర్లో మిగిలినవి తీసేస్తే బిల్లు దగ్గర వాదన ఉండదు.