నాలుగు కిస్తీలు, ఒక శుక్రవారం

ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది, టీ పెట్టుకుని చదవండి. మన దగ్గర చాలామంది ఫోన్లో ఉన్న యాప్ గురించే ఇది. ఆన్‌లైన్‌లో సామాను కొని, కార్టు దగ్గర "ఇప్పుడు కొను, తర్వాత కట్టు" అని నొక్కుతాం కదా, దాని సంగతి. నేను వాడిన కంపెనీ పేరు చెప్పను. న్యూజిలాండ్‌లో ఆఫ్టర్‌పే, జిప్, క్లార్నా లాంటివి ఉన్నయి, అన్నింటి పద్ధతీ దాదాపు ఒకటే. తప్పు చాలావరకు నాదే.

నేను ఆక్లాండ్‌లో ఒక వేర్‌హౌస్‌లో చేస్తా. గంటకు 23 డాలర్ల 50 సెంట్లు, అప్పటి కనీస వేతనం. వారానికి 40 గంటలు దొరికితే ట్యాక్స్ పోను చేతికి దాదాపు 780 వస్తది. బుధవారం రాత్రి జీతం పడుతది. రూమ్ కిరాయి 200, ఇంటికి 200, తిండికీ బస్సుకీ 150. అంటే ఖర్చు 550, మిగిలేది 230. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

2025 మే నెలాఖరుకు చలి మొదలైంది. ఇక్కడి ఇండ్లు లోపల కూడా ఎట్ల వణికిస్తయో మీకు తెలుసు. మే 30, శుక్రవారం నాడు హీటరూ, మందం దుప్పటీ కలిపి 180 డాలర్లకు కొన్న. చెక్‌అవుట్ దగ్గర 180 అని చదివితే గుండె ఆగింది, కింద నాలుగు సార్లు 45 అని చూస్తే ఆగలేదు. ఫోన్ నంబరు, డ్రైవింగ్ లైసెన్సు, అడ్రసు, డెబిట్ కార్డు ఇచ్చిన. నిమిషం కూడా పట్టలేదు, అప్రూవ్డ్!

దుబాయిలో ఉన్నప్పుడు బ్యాంకు లోనుకు జీతం సర్టిఫికెట్ పట్టుకుని నాలుగు సార్లు తిరిగినోణ్ని నేను. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. అంత తొందరగా ఎట్ల ఇస్తరు అని అప్పుడు ఆలోచించలే, తర్వాత తెలుసుకున్న.

వాళ్లు చూసేది ప్రధానంగా మూడు సంగతులు. ఒకటి, నువ్వు నిజంగా నువ్వేనా అని లైసెన్సుతో, అడ్రసుతో సరిచూస్తరు. రెండు, నీ క్రెడిట్ రికార్డు చూస్తరు. మూడు, మొదటి కిస్తీని అక్కడికక్కడే కార్డు నుంచి తీసుకుంటరు. ఆ 45 పడితే కార్డు నిజమైనదే, అందులో పైసలున్నయి అని రుజువైనట్టే. పైగా కొత్తవాడికి మొదట తక్కువ లిమిటే ఇస్తరు, టైముకు కడుతూ పోతే పెంచుతరు. షాపువాడికి రెండు మూడు రోజుల్లో పైసలు ముట్టుతయి, అందులోంచి కంపెనీ తన కమిషన్ పట్టుకుంటది. మన దగ్గర వడ్డీ తీసుకోకున్నా వాళ్లకు గిట్టుబాటయ్యేది ముఖ్యంగా అక్కడే.

ఇంకో సంగతి. 2024 సెప్టెంబర్ 2 నుంచి ఈ కంపెనీలు కూడా ఇక్కడి అప్పుల చట్టం కిందికి వచ్చినయి. ఆ చట్టం పేరు క్రెడిట్ కాంట్రాక్ట్స్ అండ్ కన్స్యూమర్ ఫైనాన్స్ యాక్ట్, 2003 నాటిది. కొత్తగా చేరినప్పుడు, లిమిట్ పెంచినప్పుడు క్రెడిట్ చెక్ చేస్తే చాలు, మామూలు లోనులో లాగా నీ జీతమెంత, ఖర్చెంత అని లెక్కంతా తీయాల్సిన పని లేదు. కాబట్టి అప్రూవ్డ్ అన్నమాటకు అర్థం "నువ్వు కట్టగలవు" అని కాదు. "ఇప్పటిదాకా నువ్వు ఎగ్గొట్టినట్టు మాకు కనబడలేదు" అని మాత్రమే. మనం న్యూజిలాండ్‌కు కొత్త. మన రికార్డులో మంచీ లేదు, చెడూ లేదు.

ఇప్పుడు కిస్తీల సంగతి. నాలుగు సమాన భాగాలు. మొదటిది కొన్న రోజే, మిగతా మూడూ పద్నాలుగు రోజులకొకటి. ఆరు వారాల్లో అప్పు తీరుతది. కొన్న రోజు శుక్రవారమైతే అన్ని కిస్తీలూ శుక్రవారమే పడుతయి. చిన్న సంగతి అనిపిస్తది గానీ నన్ను ముంచింది ఇదే.

హీటర్ కిస్తీలు: మే 30, జూన్ 13, జూన్ 27, జూలై 11. తర్వాత జూన్ 6న పనికి బూట్లు 160, నాలుగు 40లు. అవి జూన్ 6, 20, జూలై 4, 18. జూన్ 13న ఫోన్ 400, నాలుగు 100లు. పాత ఫోన్ స్క్రీన్ పోయింది, అమ్మ మొహం గీతల్లోంచి చూడాల్సి వస్తుండె. అవి జూన్ 13, 27, జూలై 11, 25. జూన్ 27న వాన జాకెట్టు 120, నాలుగు 30లు. అవి జూన్ 27, జూలై 11, 25, ఆగస్టు 8.

యాప్‌లో ఒక్కో ఆర్డరు విడిగా ఒక్కో కార్డులా కనబడుతది. 45, 40, 100, 30. ఏదీ పెద్దగా అనిపించదు. నేను ఏ రోజూ ఆర్డర్లను పక్కనపెట్టి శుక్రవారాలను కూడుకోలేదు. కూడితే ఇట్లుంటది: జూన్ 20న 40. జూన్ 27న హీటరు, ఫోను, జాకెట్టు మూడూ కలిసి 175. జూలై 4న 40. జూలై 11న మళ్లీ 175. అంటే ఒక వారం తేలిక, ఒక వారం బరువు. హీటరు, ఫోను, జాకెట్టు మూడూ ఒకే జోడు వారాల్లో కొన్న, అందుకని అన్నీ ఒకే శుక్రవారం మీద కూర్చున్నయి.

జూన్ 27న నాకు 230 మిగులు ఉంది కాబట్టి 175 పోయినా తెలియలేదు. అంతకుముందువన్నీ టైముకు కట్టినందుకు జాకెట్టు సెకన్లలో అప్రూవ్ అయింది. జూలైలో వేర్‌హౌస్‌లో పని సల్లబడ్డది. రోస్టర్ 30 గంటలకు దిగింది. జీతం 590 పడింది. ఆ సంగతి యాప్‌కు తెలియదు, తెలిసే దారి కూడా లేదు.

జూలై 9 బుధవారం రాత్రి 590 వచ్చింది. అలవాటుగా ఇంటికి 200 పంపిన. గురువారం కిరాయి 200 పోయింది, కొంత సామాను తెచ్చిన. శుక్రవారం పొద్దున ఖాతాలో 104 ఉంది. అది వారమంతా బస్సుకూ మిగతా తిండికీ. ఆరింటికి డ్యూటీ. బ్రేకులో ఫోన్ చూస్తే ఖాతాలో 4 డాలర్లు. ఫోన్ కిస్తీ 100 ముందు తీసుకున్నరు, హీటరు 45, జాకెట్టు 30 డిక్లైన్ అయినయి. రెండు ఆర్డర్లు కాబట్టి రెండు లేట్ ఫీజులు, ఒక్కొక్కటి 10.

ఆ 10 డాలర్లను మన ఊరి లెక్కలో చూడండి. 45 డాలర్ల కిస్తీ వారం ఆలస్యం. ఊర్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేటోణ్ని మనం తిట్టుకుంటం కదా, ఆ లెక్కన వారానికి 45 డాలర్ల మీద వడ్డీ 32 సెంట్లు కూడా కాదు. ఇక్కడ వడ్డీ లేదని రాసి ఉంది, నిజమే. కానీ ఒక్క వారం తప్పినందుకు 10 డాలర్లు పోయినయి.

"ఏమైందే, మొహం అట్లున్నది?" అని రూమ్మేట్ అడిగిండు.

"అన్నా, ఒక అరవై ఉంటే ఇయ్యవా, బుధవారం ఇస్తా" అన్న.

ఇచ్చిండు. ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధైంది. వచ్చే బుధవారం మళ్లీ 590. కిరాయి 200, తిండీ బస్సూ 150, రూమ్మేట్‌కు 60, పాత కిస్తీలు 75, ఫీజులు 20, బూట్లది చివరి 40. మిగిలింది 45. ఆ వారం ఇంటికి పంపలేదు. అమ్మ ఫోన్ చేస్తే "జీతం లేటైంది అమ్మా" అని చెప్పిన. కొత్త ఫోన్లో అమ్మ మొహం మాత్రం స్పష్టంగా కనబడ్డది.

జూలై 25న మళ్లీ 130 ఉంది, గంటలు ఇంకా 30యే. ఈసారి ఆగలేదు. ఆదివారమే యాప్‌లో హార్డ్‌షిప్ అన్నచోట రాసిన: నా పని గంటలు 40 నుంచి 30కి తగ్గినయి, పే స్లిప్పులు జత చేస్తున్న, ఫోన్ చివరి 100ను రెండు 50లుగా చేసి ఆగస్టు 1న, 15న పెట్టండి అని. ఒప్పుకున్నరు. ఇది దయ కాదు, చట్టంలో మనకున్న దారి. జబ్బు, దెబ్బ, ఉద్యోగం పోవడం, ఇంకేదైనా సరైన కారణం వల్ల కట్టలేకపోతే కిస్తీలు సాగదీయమని, వాయిదా వేయమని అడగొచ్చు. దరఖాస్తు అందిందని అయిదు పనిదినాల్లో చెప్పాలి, ఇరవై పనిదినాల్లో నిర్ణయం చెప్పాలి. కానీ నెలల తరబడి ఎగ్గొట్టి అడిగితే తోసిపుచ్చే వీలుంది. కట్టలేనని తెలిసిన రోజే రాయాలి, ఎంత కట్టగలరో అంకె వేసి రాయాలి.

ఇప్పుడు నేను చేసే పని ఒక్కటే. నోటుబుక్కులో సామాన్లు రాయను, శుక్రవారాలు రాస్తా. కొత్తది కొనే ముందు రాబోయే ఆరు వారాలకు ఒక్కో తేదీ కింద ఎంత పడుతుందో కూడుతా. ఆ మొత్తాన్ని 40 గంటల మిగులుతో పోల్చను, 30 గంటల మిగులుతో పోలుస్తా. 590లో 550 పోతే 40. అంటే నా అసలు లిమిట్ వారానికి 40 డాలర్లు, యాప్ ఎంత చూపించినా సరే. ఈ లెక్కన హీటరు కిస్తీ 45 కూడా కొంచెం ఎక్కువే, ఫోను అయితే అసలు కుదరదు.

జాకెట్టు ఒక వారం ఆగి జూలై 4న కొని ఉంటే దాని కిస్తీ బూట్ల వారాల్లో పడేది, జూలై 11న 145 మాత్రమే ఉండేది. ఒక లేట్ ఫీజు తప్పేది. నేను గట్టెక్కేవాణ్ని మాత్రం కాదు, 104తో 145 తీరదు కదా. తేదీలు సర్దితే బరువు పంచుకుంటది గానీ తగ్గదు.

ఇంకొక్క మాట. సామాను వాపసు ఇచ్చినా, షాపువాడు రిఫండ్ ఎక్కించేదాకా కిస్తీ సాధారణంగా నడుస్తనే ఉంటది, కట్టకపోతే లేటే. ఇవన్నీ క్రెడిట్ రికార్డులో కూడా పడొచ్చు, రేపు కారు లోనుకో ఇంటి లోనుకో పోతే బ్యాంకువాళ్లకు కనబడుతయి.

ఎవరైనా ఇప్పుడే చిక్కుకుని ఉంటే మనీటాక్స్ అని ఉచిత హెల్ప్‌లైన్ ఉంది, 0800 345 123. అప్పుల గురించి మాట్లాడి దారి చెప్తరు.

అమ్మకు నిజం చెప్పిన, ఆగస్టులో. "ఊర్లో షావుకారు ఖాతా రాస్తే కనీసం మన మొహం చూసి రాసేటోడు బిడ్డా" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. మీలో ఎవరికి ఏ శుక్రవారం ఎంత పడుతుందో ఈ రాత్రి ఒకసారి కూడి చూడండి. అంకె చూసి భయమైతే కింద రాయండి, కలిసి లెక్క వేద్దాం.